దస్తాకు ఇరవై నాలుగు

ఆ మంగళవారం పొద్దున పదకొండున్నర లోపల ఫ్లోరా నలభై ఒక్క దస్తాల కాగితం అమ్మింది. ఒక్క దస్తా కూడా లెక్కపెట్టలేదు.

అబిడ్స్‌లో పెద్ద రోడ్డు మీద చెప్పుల దుకాణాలు, బట్టల దుకాణాలు దాటి లోపలి సందులోకి తిరిగితే వెంకటేశం పేపర్ డిపో ఉంటుంది. అందులో ఎడమవైపు విడి కాగితాల కౌంటర్ ఫ్లోరాది. యాభై రెండేళ్ల మనిషి. మెదక్‌లో పుట్టింది. ఇంటర్ తప్పి, ఇరవై ఏళ్లప్పుడు పట్నం వచ్చి, గౌలిగూడలో ఒక బైండింగ్ షాపులో నాలుగేళ్లు కాగితాలు మడిచింది. తర్వాత ఈ కౌంటర్‌కు వచ్చి ఇక్కడే ఉండిపోయింది. భర్త జ్ఞానశేఖర్ నాంపల్లి స్టేషన్‌లో పార్సిళ్లు దింపించే కాంట్రాక్టరు దగ్గర గుమాస్తా. కూతురు స్టెఫీ ఒక ప్రైవేటు బడిలో ఆరో తరగతికి లెక్కలు చెబుతుంది. ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ వెనక రెండు గదుల ఇల్లు. రోజూ అక్కడినుంచి నడిచే వస్తుంది. ఆటోవాళ్ల మీద ఆమెకు మంచి అభిప్రాయం లేదు. అసలు చాలామంది మీద లేదు.

నాంపల్లి కోర్టు ముందు జిరాక్స్ మిషన్ నడిపే ఇజ్రాయేల్ వచ్చి "అక్కా, మూడు దస్తాలు" అంటాడు. ఫ్లోరా కాగితాల బొత్తి అంచు మీద బొటనవేలు పెట్టి ఒక్క పట్టు పడుతుంది. దస్తా. మళ్లీ ఒక పట్టు. ఇంకో దస్తా. ఇజ్రాయేల్ మొదటి సంవత్సరం ప్రతిసారీ లెక్కపెట్టేవాడు. రెండో సంవత్సరం నుంచి మానేశాడు. అంతకంటే పెద్ద సర్టిఫికెట్ ఆ వీధిలో ఎవరూ ఎవరికీ ఇవ్వరు.

డిపో యజమాని వెంకటేశానికి ఆకాష్ అని ఒక కొడుకు. బిజినెస్ చదివి వచ్చాడు. వచ్చిన మొదటి నెలలో బోర్డు రంగు మార్చాడు. రెండో నెలలో కాఫీ మిషన్ పెట్టాడు. మూడో నెలలో గౌతమ్‌ను తెచ్చాడు. గౌతమ్ దుకాణాలకు షార్ట్ వీడియోలు చేసిపెడతాడు. ఇరవై ఏడేళ్లవాడు, చేతిలో రెండు ఫోన్లు, మెడలో ఒక మైకు. తాను చేసేది వీడియో కాదని, "కమ్యూనిటీ" అని అందరికీ చెబుతాడు. ఆ మాటకు అర్థమేమిటని ఫ్లోరా ఒకసారి అడిగింది. అతను పది నిమిషాలు చెప్పాడు. ఆమె ఆ పది నిమిషాల్లో నాలుగు దస్తాలు అమ్మింది.

గౌతమ్ మొదట చేసిన చాలెంజ్ గురించి చెప్పుకోవాలి, ఎందుకంటే దాని గురించి తర్వాత అతను ఎక్కడా చెప్పుకోలేదు. రంగు కాగితాలతో గోపురం కట్టాలి. కడుతూ ఒక పాటకు అడుగులు వేయాలి. కాగితాలు ఈ డిపోలోనే కొనాలి. ఐదుగురు స్నేహితులను ట్యాగ్ చెయ్యాలి. గోపురం ఎంత ఎత్తుంటే గెలిచినట్టో మాత్రం చెప్పలేదు. నియమాలు మొత్తం పదకొండు. అవి తెర మీద నాలుగు సెకన్లు కనిపించి మాయమయ్యేవి. వారం రోజుల్లో ముగ్గురు పాల్గొన్నారు. ఒకరు ఆకాష్ చిన్నమ్మ కూతురు అక్షిత. ఒకరు ఆకాష్. మూడోవాడు గౌతమ్.

ఆ తర్వాత గౌతమ్ కాఫీ తాగుతూ దిగులుగా నిలబడి ఉండగా, ఫ్లోరా ఇజ్రాయేల్‌కు దస్తాలు తీసి ఇవ్వడం చూశాడు. చూసి కప్పు కింద పెట్టాడు. అతని వృత్తిలో అతనికి తెలిసిన నిజం ఒకటుంది, దాన్ని ఒప్పుకోవాలి. చాలెంజ్ నిలబడాలంటే చూసినవాడికి మొదటి రెండు సెకన్లలో "ఇది నేనూ చెయ్యగలను" అనిపించాలి. వస్తువు ఇంట్లోనే ఉండాలి. మెట్టు మెట్టుకూ కొంచెం కష్టం పెరగాలి. కాగితం లేని ఇల్లు లేదు. బొటనవేలు లేని మనిషి అరుదు. గౌతమ్ అప్పటికప్పుడు ఫోను తీశాడు.

కౌంటర్ మీద లైట్లు పెట్టారు. ఫ్లోరా ముఖానికి పౌడర్ వేస్తామంటే ఆమె చూసిన చూపుకు ఆ డబ్బా మళ్లీ సంచిలోకి పోయింది. గౌతమ్ కెమెరా వెనక నిలబడి, ముందు పది తీయమన్నాడు. తీసింది. నాలుగు, నాలుగు, రెండు అని వేళ్లతో జరిపి చూపించింది. బైండింగ్‌లో పెరిగినవాళ్లు నాలుగేసి లెక్కపెడతారు. తర్వాత ఒక దస్తా తీయమన్నాడు. తీసింది. ఆరు నాలుగులు జరిపింది. తర్వాత రెండు దస్తాలు ఒక్క పట్టులో. అదీ తీసింది. ఆమె వెళ్లి నీళ్లు తాగింది. అక్కడికి ఆమె పని అయిపోయింది.

గౌతమ్ పని మొదలైంది. తెర మీద పెద్ద అంకెలు వేశాడు. మొదటి మెట్టు పది. రెండో మెట్టు ఇరవై ఐదు. మూడో మెట్టు యాభై. అంకె అంకెకూ టపాసుల చప్పుడు. మూడోసారి లెక్క పొడుగైందని సగంలో కోసేశాడు. దస్తా అంటే ఇరవై ఐదని అతనికి ఎవరూ చెప్పలేదు. కాగితం ప్యాకెట్ మీద ఐదు వందలు అని ఉంది, రీముకు ఇరవై దస్తాలని ఇంటర్నెట్‌లో ఉంది. భాగహారం చేసుకున్నాడు. భాగహారం తప్పు కాదు. కంపెనీ ప్యాకెట్‌లో రీము ఐదు వందలే. కానీ అబిడ్స్, గౌలిగూడ కౌంటర్లలో విడి కాగితం దస్తా ఇరవై నాలుగు. బడి పుస్తకంలో కూడా అదే నేర్పేవారు. ధర కూడా ఇరవై నాలుగింటికే. మూడు గజాల దూరంలో ఆ సంగతి తెలిసిన ఆడమనిషి నీళ్లు తాగుతోంది. ఆమెను అడగడం కమ్యూనిటీలోకి రాదు కాబోలు.

వీడియో బుధవారం సాయంత్రం పెట్టారు. గురువారం మధ్యాహ్నానికి మూడు లక్షల మంది చూశారు. ఆకాష్ గల్లా దగ్గర కూర్చుని అంకె పెరగడం చూస్తూ వచ్చిన బేరాలు రెండు పోగొట్టాడు. కామెంట్లు మాత్రం తండ్రి చదివాకే చదివాడు.

జనం ఫ్లోరా వేళ్లను ఆపి ఆపి చూశారు. ఆరు నాలుగులు. ఆరు నాలుగులు ఎంత? తెర మీద ఇరవై ఐదు, టపాసులు. ఒకడు రాశాడు: "ఒకటి ఎవరు తిన్నారు?" ఇంకొకడు: "మూడోసారి లెక్క కోసేశారు చూశారా, అక్కడ రెండు తిన్నారు." ఇంకొకడికి ఇంకా తెలివి ఉంది. ఈ దుకాణం ఎన్నేళ్లుగా ఉందో కనుక్కుని, దస్తాకు ఒక కాగితం చొప్పున ఇన్నేళ్లలో ఎంత దోచారో లెక్కవేసి పెట్టాడు. చాలెంజ్ మాత్రం ఎవరూ చెయ్యలేదు. వెక్కిరించడానికి చేసినవాళ్లు కొందరున్నారు. ఇరవై నాలుగు తీసి, లేని ఇరవై ఐదోదాన్ని జేబులో పెట్టుకుంటున్నట్టు నటించి నవ్వారు. రెండో మెట్టు పది నుంచి దస్తాకు ఎందుకు దూకుతుందో, తప్పితే ఏం చెయ్యాలో వీడియోలో లేదు. అందుకని వెక్కిరింత ఒక్కటే మిగిలింది. దానికి నియమాలు అక్కర్లేదు.

శుక్రవారం ఇజ్రాయేల్ వచ్చాడు. మూడు దస్తాలు తీసుకుని, కౌంటర్ మీదే పెట్టి లెక్కపెట్టాడు. ఎన్నో ఏళ్ల తర్వాత.

"ఏంది ఇజ్రాయేలూ, కొత్తగ?" అంది ఫ్లోరా.

"నాకు అనుమానం లేదక్కా. వకీలు సాబ్ లెక్కపెట్టుకొని రమ్మన్నడు."

"వకీలు సాబ్‌కు ఇరవై నాలుగు దాకా వస్తదా?"

ఇజ్రాయేల్ నవ్వాడు. కానీ లెక్క పూర్తిచేశాకే నవ్వాడు.

ఆ మధ్యాహ్నం వెంకటేశం ఆమెను లోపలి గదిలోకి పిలిచాడు. ఆకాష్, గౌతమ్ అప్పటికే ఉన్నారు. వెంకటేశం నాన్న ఈ డిపో పెట్టినప్పుడు కొడుక్కి నేర్పిన మొదటి పాఠం దస్తాకు ఇరవై నాలుగు. అది వెంకటేశానికి గుర్తులేక కాదు. కానీ కొడుకు తెచ్చిన మనిషి తప్పు చేశాడంటే కొడుకు తప్పు చేసినట్టు. కొడుకు తప్పు చేశాడంటే చదివించిన తండ్రి ఏం చేసినట్టో ఆలోచించాలి. ఆయనకు ఆలోచన కంటే ఫ్లోరా సులువు.

గౌతమ్ విషయం వివరించాడు. క్షమాపణ వీడియోలు బాగా పోతాయట. ఆంటీ చేతులు జోడించి, "నా చెయ్యి పొరపాటున ఒక కాగితం తక్కువ తీసింది, మన్నించండి" అంటే చాలట. దుకాణం పేరు నిలబడుతుంది. ఏడుపు వస్తే ఆపుకోవద్దని కూడా చెప్పాడు.

ఫ్లోరా వెంకటేశం వైపు తిరిగింది. "సేటూ, దస్తా ఎంత?"

వెంకటేశం కిటికీ వైపు చూశాడు. "గదంతా ఇప్పుడెందుకు ఫ్లోరమ్మా. జనానికి తెల్వది కదా."

"జనానికి తెల్వకపోతే చెప్పాలె. నా చెయ్యి తప్పలే. ఈయన రాత తప్పింది. రాసిన చెయ్యిని మాఫీ అడగమను."

ఆకాష్ ఆమెను చిన్నప్పటినుంచి ఆంటీ అని పిలిచినవాడు. ఇప్పుడూ ఆంటీ అనే పిలిచి, సోమవారంలోపు వీడియో ఇవ్వకపోతే కొన్నాళ్లు కౌంటర్ దగ్గర వేరేవాళ్లను కూర్చోబెడతామని, ఆమె గౌలిగూడ గోడౌన్‌లో కట్టలు చూసుకోవచ్చని అన్నాడు. వెంకటేశం ఇంకా కిటికీ వైపే చూస్తున్నాడు. ఆ కిటికీ బయట ఎదురుగా ఒక గోడ తప్ప ఏమీ లేదు.

గోడౌన్ ఆమెకు భయం కాదు. గోడౌన్‌లో ఎవరూ మాట్లాడరు, అది ఒకరకంగా లాభమే. కానీ ఆ క్షమాపణ చెబితే ఫ్లోరా చెయ్యి తప్పుతుందని నాంపల్లి కోర్టు దగ్గరినుంచి గౌలిగూడ బస్టాండు దాకా కాగితం కొనే ప్రతి మనిషికీ తెలిసిపోతుంది. ఆమెకు ఆస్తి అంటూ ఏదైనా ఉంటే ఆ బొటనవేలే. దానిమీద అబద్ధపు సాక్ష్యం చెప్పమంటున్నారు.

ఇంట్లో సాయంత్రం స్టెఫీ గోరుచిక్కుడు తుంచుతూ వీడియో చూసింది. రెండుసార్లు చూసింది. తల్లిని ఓదార్చలేదు. ఆ ఇంట్లో అలాంటి అలవాటు లేదు. నలభై రెండుమంది పిల్లలతో ఆట ఆడించే మనిషిలాగా తప్పులు పట్టింది. నియమం ఒక్క ఊపిరిలో చెప్పలేకపోతే పిల్లలు ఆడరు, కొట్టుకుంటారు. దస్తా అన్న మాట నియమంలో ఉంచొద్దు, అంకె చెప్పు. పది తర్వాత ఇరవై ఐదేంటి, మెట్లు సమంగా ఉండాలి. తప్పినవాళ్లు ఏం చెయ్యాలో ముందే చెప్పాలి. లెక్క మధ్యలో కోస్తే దొంగ అంటారు, అనాలి కూడా.

"ఇంకోటి మమ్మీ," అంది. "నియమం అందరికంటే ముందు నీకు వర్తించాలె. నువ్వు గెలుస్తవని ముందే తెలిస్తే ఎవ్వరు ఆడరు."

శనివారం ఫ్లోరా దుకాణానికి వచ్చేసరికి బిల్లు పుస్తకం వెనక అట్ట మీద కొన్ని వాక్యాలు రాసుకుని ఉంది. గౌతమ్‌ను పిలిచింది. వీడియో ఇస్తానంది. అతను సంచిలోంచి లైట్లు తీయబోయాడు. వద్దంది. ఫోను స్టాండుకు పెట్టి, పైనుంచి చేతులు, కాగితాలు మాత్రమే కనపడేలా ఉంచమంది. మొదలు నుంచి చివరిదాకా ఒక్కచోట కూడా కోయకూడదని చెప్పింది. టపాసులు వద్దంది. అంకెలు వేస్తే తన నోటినుంచి వచ్చిన అంకెలే వెయ్యాలంది. క్షమాపణ ఎప్పుడు వస్తుందని గౌతమ్ అడిగాడు. రావాల్సి వస్తే వస్తుందంది. అతను దాన్ని ఒప్పుకోలుగా తీసుకున్నాడు.

బొత్తి మీద చెయ్యి పెట్టి, సరుకు ధర చెప్పినట్టే చెప్పింది: "ఒక్క చెయ్యి, ఒక్క పట్టు. ముందు పన్నెండు, తర్వాత ఇరవై నాలుగు, తర్వాత నలభై ఎనిమిది. ఏడ తప్పితే మళ్ల పన్నెండు కాడికెళ్లి. కాగితం మీ ఇంట్ల ఏదుంటే అది. లెక్క కెమెరా ముంగటనే, వీడియో కొయ్యొద్దు. ఇరవై నాలుగంటే మా కాడ దస్తా. ఈ కౌంటర్‌ల ఎప్పుడూ గంతే."

మొదటి పట్టు. మూడు నాలుగులు. పన్నెండు.

రెండో పట్టు. ఆరు నాలుగులు. ఇరవై నాలుగు. కౌంటర్ అవతల ఆగి చూస్తున్న ఇద్దరు గిరాకీలు పెదవులు కదుపుతూ ఆమెతోపాటు లెక్కపెట్టారు. వెంకటేశం గల్లా దగ్గరినుంచి లేచి వచ్చాడు, ఏదో పనిమీద వచ్చినట్టు.

మూడో పట్టు. ఫ్లోరా నాలుగేసి జరిపింది. పదకొండు నాలుగులు అయ్యాయి. చేతిలో మిగిలినవి మూడు.

ఆమె ఆ మూడింటినీ విడివిడిగా కౌంటర్ మీద పెట్టి, వేలు తడిచేసి మళ్లీ తిప్పి చూసింది. మూడే. రోజుకు వంద దస్తాలు తీసే చెయ్యి. కానీ రెండు దస్తాలు ఒక్క పట్టులో ఎవరు అడుగుతారు? రెండు అడిగితే రెండుసార్లు తీస్తుంది. గౌతమ్ మొదటి వీడియోలో మూడోసారి తీసింది సరిపోయిందో లేదో ఇప్పుడెవరికీ తెలియదు, అది కోసేశాడు కాబట్టి.

"నలభై ఏడు," అంది కెమెరాతో. "తప్పిన. మళ్ల పన్నెండు కాడికెళ్లి. మీరు కూడ పట్టుర్రి."

ఫోను ఆపమని చేత్తో సైగచేసింది. మొత్తం యాభై మూడు సెకన్లు.

గౌతమ్ కంగారుపడ్డాడు. ఇంకోసారి తీద్దామన్నాడు, ఆంటీ గెలిచింది వేద్దామన్నాడు. కొయ్యొద్దని నేనే చెప్పి నేనే ఎట్ల కోయిస్తానని ఫ్లోరా అడిగింది. అతని దగ్గర ఇంకో ఫోను ఉంది, దానిలోకి చూసుకున్నాడు.

వెంకటేశం మెల్లగా అన్నాడు. "తప్పినవని చెప్పు ఫ్లోరమ్మా అంటే నిన్న ఇనకపోతివి. ఇయ్యాల ఊరందరి ముంగట చెప్తివి."

"నిన్న తప్పలే సేటూ. ఇయ్యాల తప్పిన."

ఆయన ఆకాష్ వైపు తిరిగి, అది అట్లనే పెట్టమన్నాడు. కొడుక్కి ఆయన ఆ సంవత్సరం చెప్పిన మొదటి పని అది.

వీడియోను మొదటిరోజు చూసింది తొమ్మిది వేలమంది. మూడు లక్షలు చూసిన కళ్లకు అది ఆనలేదు. గౌతమ్ దాన్ని ఫెయిల్యూర్ అన్నాడు. కానీ ఆ సాయంత్రమే ఇజ్రాయేల్ జిరాక్స్ మిషన్ మీద ఫోను ఆనించి పట్టు పట్టాడు. పన్నెండు కుదిరింది. ఇరవై నాలుగు కుదిరింది. నలభై ఎనిమిదికి యాభై ఒకటి వచ్చింది. "అక్క కంటే నాలుగు ఎక్కువ, నేను గెలిచిన" అని వాదించాడు. కింద కామెంట్లలో పదిమంది నియమం మళ్లీ వినమన్నారు. రెండు రోజుల ముందు దొంగ అన్నవాళ్లే ఇప్పుడు నియమానికి కాపలా కాశారు. జనానికి చేతికి ఒక నియమం దొరికితే చాలు, వెంటనే న్యాయమూర్తులవుతారు.

పక్క జిరాక్స్ వాళ్లు పట్టారు. ఇద్దరు కోర్టు గుమాస్తాలు పాత నోటీసులను వెనక్కి తిప్పి పట్టారు. స్టెఫీ బడి స్టాఫ్ రూములో టీచర్లు పరీక్షల తెల్ల కాగితాలతో పట్టారు. విద్యావతి అనే రిటైరవబోయే తెలుగు టీచరు, జీవితంలో లక్ష అడిషనల్ షీట్లు పంచిన ఆవిడ, నలభై ఎనిమిది మొదటిసారే తీసి, ఇందులో ఏముందన్నట్టు కెమెరా వైపు చూసింది. ఏదో ఊరి బ్యాంకు క్యాషియరు పట్టాడు. ఒక ఇంట్లో అత్తాకోడళ్లు పాత క్యాలెండరు కాగితాలతో పోటీపడ్డారు, ఇద్దరూ పన్నెండు దగ్గరే తప్పారు. మందం కాగితమా పల్చటిదా అని గొడవ రాలేదు. ఎవరి కాగితం వారిదే. దస్తా ఎంత అన్న గొడవ కూడా రాలేదు, అంకె చెప్పేసింది కాబట్టి. అందరూ తప్పినప్పుడు ఆమె మాటే అన్నారు: "తప్పిన. మళ్ల పన్నెండు కాడికెళ్లి."

సోమవారం వచ్చింది. గోడౌన్ మాట ఎవరూ ఎత్తలేదు. క్షమాపణ మాట కూడా ఎత్తలేదు. ఎవరు ఎవరికి చెప్పాలో ఆలోచిస్తే ఇబ్బందిగా ఉంటుంది. పాత వీడియో తీసేశారు. గౌతమ్ తన పేజీలో "దస్తా పట్టు, నా ఆలోచన" అని రాసుకున్నాడు. ఫ్లోరాకు స్టెఫీ అది చూపిస్తే, రాత ఆయనకు ఎప్పుడూ అచ్చిరాలేదని మాత్రం అంది.

ఆమె అడిగింది ఒక్కటే. కౌంటర్ పైన అట్టముక్క ఒకటి కట్టుకుంటానంది. వెంకటేశం ఫ్లెక్సీ కొట్టిస్తానన్నాడు. వద్దని, మార్కర్‌తో తనే రాసింది: దస్తా 24.

నెల చివరికి పట్టు పట్టి వీడియో పెట్టినవాళ్లు పదకొండు వందల అరవై మంది. నలభై ఎనిమిది మెట్టు దాటినవాళ్లు ఇరవై తొమ్మిది మంది. ఫ్లోరా గిరాకీ లేని మధ్యాహ్నాల్లో ప్రయత్నించి ఆరోసారికి దాటింది. అది వీడియో తీయలేదు కాబట్టి లెక్కలోకి రాదు, ఆమె నియమం ప్రకారమే.

ఒకటో తారీకు పొద్దున ఎవరో కొత్త మనిషి వచ్చి ఒక దస్తా అడిగాడు. పైన అట్టముక్క చదివాడు. ఆమె పట్టు పట్టి ఇచ్చింది. అతను అక్కడే నిలబడి రెండుసార్లు లెక్కపెట్టాడు. ఇరవై నాలుగు.